ప్రొబేషన్, నోటీసు: మలయ్ ఉద్యోగ ఒప్పందంలో రెండు క్లాజులు ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా వెనక వాళ్లకి? సరే.

మలేషియా ఉద్యోగ ఒప్పందాలు మలయ్ నుంచి ఇంగ్లీషులోకి చేసే పని మనలో చాలామందికి తరచుగానే వస్తోంది. కంపెనీ కౌలాలంపూర్‌లో ఉంటుంది, మాతృసంస్థ హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటుంది, ఒప్పందం మలయ్‌లో ఉంటుంది, గొడవ వచ్చినప్పుడు ఇక్కడి హెచ్ఆర్ వాళ్లకి ఇంగ్లీషు కాపీ కావాలి. పది పన్నెండు పేజీల ఒప్పందంలో ఎక్కువ భాగం ఎవరు చేసినా పెద్దగా ప్రమాదం ఉండదు, సెలవులు, పని గంటలు, మెడికల్ ఇలాంటివి కొంచెం అటూ ఇటూ అయినా అర్థం తెలిసిపోతుంది. కానీ ప్రొబేషన్ క్లాజు, నోటీసు క్లాజు మాత్రం అలా కాదు, ఎందుకంటే మనిషి ఉద్యోగం పోయే రోజున జనం తెరిచి చూసేది ఈ రెండింటినే. అందుకని ఈరోజు మిగతావన్నీ వదిలేసి ఈ రెండే చూద్దాం.

ఒక క్లాజు రాసుకొచ్చాను. ఏ కంపెనీదీ కాదు, అక్కడి ఒప్పందాల్లో మామూలుగా కనిపించే వాక్యాలు కలిపి నేనే తయారు చేసింది. చదువుతాను, రాసుకోండి.

మొదటి వాక్యం: "పెకెర్జ హెండక్‌లాహ్ బెర్ఖిద్మత్ దలమ్ తెంపోహ్ పెర్చుబాఅన్ సెలమ ఎనమ్ బులన్ దరి తరిఖ్ ముల బెకెర్జ." ఉద్యోగి పనిలో చేరిన తేదీ నుంచి ఆరు నెలలు ప్రొబేషన్‌లో పనిచేయాలి.

రెండోది: "తెంపోహ్ పెర్చుబాఅన్ ఇని బోలెహ్ దిలంజుత్‌కన్ ఉంతుక్ తెంపోహ్ సెలంజుత్‌న్య తిదక్ మెలెబిహి తిగ బులన్ అతస్ బుది బిచార ముత్లక్ స్యరికత్." అంటే ఈ గడువును కంపెనీ తన సంపూర్ణ విచక్షణ మీద, మూడు నెలలకు మించని మరో గడువు పాటు పొడిగించవచ్చు.

మూడోది, అసలైనది: "పెకెర్జ హాన్య అకన్ దియంగ్‌గప్ దిసాహ్‌కన్ దలమ్ జవతన్ సెతెలాహ్ మెనెరిమ సురత్ పెంగెసాహన్ దరిపద స్యరికత్." కంపెనీ నుంచి కన్ఫర్మేషన్ లెటర్ అందాకే ఉద్యోగి ఆ పోస్టులో కన్ఫర్మ్ అయినట్టు పరిగణించబడతాడు.

నాలుగోది నోటీసు గురించి: "సెమస తెంపోహ్ పెర్చుబాఅన్, మన-మన పిహక్ బోలెహ్ మెనమత్‌కన్ పెర్ఖిద్మతన్ దెంగన్ మెంబెరి నోతిస్ బెర్తులిస్ దువ మింగ్గు అతవ్ మెంబయర్ గజి సెబగై గంతి నోతిస్." ప్రొబేషన్ సమయంలో ఇద్దరిలో ఎవరైనా రెండు వారాల రాతపూర్వక నోటీసు ఇచ్చి గానీ, నోటీసుకు బదులు జీతం చెల్లించి గానీ ఉద్యోగాన్ని ముగించవచ్చు. దాని కింద చిన్న వాక్యం ఇంకొకటి, కన్ఫర్మ్ అయ్యాక నోటీసు గడువు రెండు నెలలు అని.

చూడటానికి ఏముంది ఇందులో, అనిపిస్తుంది. ఇప్పుడు దీనికి ఒక మనిషిని తగిలిద్దాం. ఆయన 2024 అక్టోబర్ 1న చేరాడు, జీతం నెలకు 5,000 రింగిట్లు. ఆరు నెలలు అంటే 2025 మార్చి 31తో ప్రొబేషన్ ముగియాలి. ముగిసింది, ఎవరూ ఏమీ అనలేదు, లెటర్ రాలేదు, పొడిగిస్తున్నామనీ చెప్పలేదు, ఆయన రోజూ వెళ్లి పనిచేస్తూనే ఉన్నాడు. ఏప్రిల్ 21 సోమవారం కంపెనీ చేతిలో కాగితం పెట్టింది, రెండు వారాల నోటీసు అని. ఆయన అంటాడు, నా ప్రొబేషన్ ఎప్పుడో అయిపోయింది, నాకు రెండు నెలల నోటీసు రావాలి అని. రెండు నెలలంటే 10,000 రింగిట్లు, రెండు వారాలంటే రెండున్నర వేల లోపే. తేడా అదీ. హైదరాబాద్‌లో కూర్చున్న హెచ్ఆర్ మేనేజర్ మీరు చేసిన ఇంగ్లీషు కాపీ తీసి మూడో వాక్యం చదువుతుంది. ఇక్కడి నుంచి కథంతా మన చేతిలో ఉంది.

ఆ మూడో వాక్యం రకరకాలుగా బయటికి వస్తుంది. ఒక రకం అనువాదంలో "దిసాహ్‌కన్" అన్న మాటని "వెరిఫైడ్" అని రాసేస్తారు. సాహ్ అంటే చెల్లుబాటయ్యేది, మనం "సహీ" అంటామే దాని చుట్టమే, కాబట్టి నిఘంటువులో వెరిఫై, సర్టిఫై, వాలిడేట్ అన్నీ ఉంటాయి. ఉద్యోగం సందర్భంలో మాత్రం దానికి ఒకటే అర్థం, కన్ఫర్మ్ చేయడం, అంటే ప్రొబేషన్ తీసేసి స్థిరపరచడం. "ద ఎంప్లాయీ విల్ బీ వెరిఫైడ్" అని చదివితే సర్టిఫికెట్ల తనిఖీ గురించి అనుకుంటారు. ఇది వెంటనే పట్టుబడే తప్పు, కాబట్టి నాకు దీని మీద అంత భయం లేదు.

నాకు భయం కలిగించేది నున్నగా ఉండే అనువాదం. "అపాన్ కంప్లీషన్ ఆఫ్ ప్రొబేషన్, ద ఎంప్లాయీ విల్ బీ కన్ఫర్మ్‌డ్ అండ్ విల్ రిసీవ్ ఎ కన్ఫర్మేషన్ లెటర్." ఎంత చక్కగా ఉంది చూడండి, ఇంగ్లీషు రాని మలయ్ వాడికీ, మలయ్ రాని ఇంగ్లీషు వాడికీ ఎవరికీ అనుమానం రాదు. కానీ మూలంలో లెటర్ అందడం అనేది షరతు. ఇందులో అది కన్ఫర్మేషన్ తర్వాత జరిగే ఒక లాంఛనం అయిపోయింది. గడువు ముగియడమే షరతు అయింది. దీని ప్రకారం మన మనిషి మార్చి 31 దాటగానే కన్ఫర్మ్ అయిపోయాడు, అతనికి 10,000 రావాలి. మలయ్ ప్రకారం అలా లేదు. మూలంలో "హాన్య" ఉంది, మాత్రమే అని, "దియంగ్‌గప్" ఉంది, పరిగణించబడతాడు అని, "సెతెలాహ్ మెనెరిమ" ఉంది, అందిన తర్వాత అని. ఈ మూడూ ఇంగ్లీషులో నిలబడాలి: "ద ఎంప్లాయీ షల్ బీ డీమ్‌డ్ కన్ఫర్మ్‌డ్ ఇన్ ద పొజిషన్ ఓన్లీ అపాన్ రిసీట్ ఆఫ్ ఎ లెటర్ ఆఫ్ కన్ఫర్మేషన్ ఫ్రమ్ ద కంపెనీ." ఇందులో "ఓన్లీ" అపాన్ పక్కనే ఉండటం ముఖ్యం. దాన్ని తీసుకెళ్లి "ఎంప్లాయీ" ముందు పెడితే ఇంకేదో అవుతుంది.

మీలో కొందరికి సందేహం వస్తుంది, మరి కంపెనీ ఏమీ అనకుండా ఊరుకుంటే అతను కన్ఫర్మ్ అయినట్టు కాదా, అది అన్యాయం కదా అని. మలేషియా ఫెడరల్ కోర్టు 1981లో కె.సి. మాథ్యూస్ వర్సెస్ కుంపులన్ గుత్రీ కేసులో దీనికి జవాబు చెప్పింది. గడువు ముగిశాక కన్ఫర్మ్ చేయకుండా, తీసేయకుండా పనిలో కొనసాగనిస్తే ఆ ఉద్యోగి ప్రొబేషనర్‌గానే కొనసాగుతాడు. మన సుప్రీంకోర్టు 1964లోనే ఎక్స్‌ప్రెస్ న్యూస్‌పేపర్స్ కేసులో, అది మద్రాసు లేబర్ కోర్టు నుంచి వెళ్లిన వ్యవహారం, ఇదే మాట చెప్పింది. అయితే తర్వాత 1968లో ధరమ్ సింగ్ కేసులో ఇంకో మలుపు తిప్పింది, సర్వీసు రూల్సులో గరిష్ఠ గడువు ఉండి, అది దాటాక కూడా పనిలో కొనసాగిస్తే కన్ఫర్మ్ చేసినట్టే అనుకోవచ్చని. మన దగ్గర చదువుకున్న హెచ్ఆర్ వాళ్ల బుర్రలో ఈ రెండోది బాగా ఉంటుంది, ముఖ్యంగా ప్రభుత్వ సర్వీసు రూల్స్ చూసినవాళ్లకి. వాళ్ల చేతికి "నాట్ ఎక్సీడింగ్ త్రీ మంత్స్" అన్న మాట ఉన్న ఇంగ్లీషు కాపీ వెళ్తే, గరిష్ఠం దాటితే కన్ఫర్మ్ అయినట్టేనని భారతీయ కళ్లతో చదువుతారు. చదవనివ్వండి, దానికి లాయరు ఉన్నాడు. మనం చేయాల్సింది ఆ గరిష్ఠాన్ని ఉన్నది ఉన్నట్టు చూపించడం, ఎక్కడిది అక్కడ ఉంచడం.

ఎందుకంటే రెండో వాక్యంలోనే ఇంకో గొయ్యి ఉంది. "తిదక్ మెలెబిహి తిగ బులన్", మూడు నెలలకు మించని. ఏది మించకూడదు? పొడిగింపా, మొత్తమా? "ఉంతుక్ తెంపోహ్ సెలంజుత్‌న్య" అని ఉంది కాబట్టి మించకూడనిది తర్వాతి గడువు. ఆరు ప్లస్ మూడు, మొత్తం తొమ్మిది నెలల దాకా వెళ్లొచ్చు. "ఫర్ ఎ ఫర్దర్ పీరియడ్ నాట్ ఎక్సీడింగ్ త్రీ మంత్స్" అంటే సరిపోతుంది. "మే బీ ఎక్స్‌టెండెడ్ టు నాట్ మోర్ దాన్ త్రీ మంత్స్" అని రాశారనుకోండి, ఆరు నెలల ప్రొబేషన్‌ని మూడు నెలలకు "పొడిగించడం" అవుతుంది. నవ్వు వస్తుంది కానీ ఇలాంటిది సంతకం అయ్యి, స్టాంపు పడి ఫైల్లో కూర్చుంటుంది.

మన మనిషి విషయానికి వస్తే, ఏప్రిల్ 21 అంటే మొదటి ఆరు నెలలు దాటింది, తొమ్మిది దాటలేదు. కంపెనీ పొడిగించాననవచ్చు, ఆయన నాకెవరూ చెప్పలేదనవచ్చు. క్లాజులో పొడిగింపు రాతపూర్వకంగా ఉండాలని లేదు, గమనించారా? నోటీసు దగ్గర "బెర్తులిస్" ఉంది, లెటర్ దగ్గర సురత్ ఉంది, పొడిగింపు దగ్గర ఏమీ లేదు. ఇంగ్లీషు ఒప్పందాలు చదివి చదివి అలవాటైన చెయ్యి అక్కడ "ఇన్ రైటింగ్" అని దానంతట అదే కలిపేస్తుంది. కలిపితే ఉద్యోగికి లేని ఆయుధం ఇచ్చినట్టే. అలాగే మలయ్‌లో "ది" తో మొదలయ్యే క్రియలు, దిలంజుత్‌కన్, దిసాహ్‌కన్, ఇవి ఎవరు చేస్తారో చెప్పవు. ఇక్కడ చివర "స్యరికత్" విచక్షణ అని ఉంది కాబట్టి కంపెనీయే పొడిగిస్తుందని తెలుస్తోంది. అది లేకుండా ఉత్తి "బోలెహ్ దిలంజుత్‌కన్" అని వదిలేసిన ఒప్పందాలు కూడా వస్తాయి. అప్పుడు ఇంగ్లీషులో కూడా "మే బీ ఎక్స్‌టెండెడ్" అని కర్త లేకుండానే వదిలేయండి, పరస్పర అంగీకారంతోనా, కంపెనీ ఇష్టమా అన్నది తేలని విషయం, దాన్ని తేల్చే అధికారం మనకి లేదు.

"బుది బిచార" గురించి ఒక్క మాట, ఎందుకంటే తెలుగువాళ్లకి ఇది చూడగానే ముద్దొస్తుంది. బుద్ధి, విచారం, మన మాటలే. పాత సంస్కృతపు అప్పు. చట్టంలో దాని అర్థం విచక్షణ, డిస్క్రిషన్, అంతే. "ఆఫ్టర్ డ్యూ కన్సిడరేషన్" అని రాయకండి, విచారణ చేసి అన్న అర్థం వచ్చి కంపెనీ మీద లేని బాధ్యత పడుతుంది. పైగా "ముత్లక్" ఉంది, సంపూర్ణ విచక్షణ, "అబ్సల్యూట్ డిస్క్రిషన్". ఇలాంటి బంధువులు ఇంకా తగుల్తారు. "సెబబ్" మన సబబే, కానీ మనం సబబు అంటే న్యాయమైనది అన్న అర్థంలో వాడుతున్నాం, వాళ్లకి అది కారణం. "దెండ" మన దండన. దీన్ని మాత్రం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాం.

ఇప్పుడు నాలుగో వాక్యం, నోటీసు. "మన-మన పిహక్" అంటే ఏ పక్షమైనా. ఇద్దరే ఉన్నారు కాబట్టి "ఐదర్ పార్టీ". తర్వాత నోటీసు ఇచ్చి గానీ, జీతం చెల్లించి గానీ. ఈ రెండూ కర్త అయిన "ఏ పక్షమైనా" కిందే ఉన్నాయి. అంటే ఉద్యోగి కూడా రెండు వారాల జీతం కట్టి ఆ క్షణమే వెళ్లిపోవచ్చు. కొందరు దీన్ని రెండు వాక్యాలుగా విరిచి, "ఐదర్ పార్టీ మే టెర్మినేట్ బై గివింగ్ టు వీక్స్ నోటీస్. ద కంపెనీ మే పే శాలరీ ఇన్ లియు" అని రాస్తారు, డబ్బు ఇచ్చేది కంపెనీయే కదా అన్న అలవాటుతో. ఉద్యోగి హక్కు ఒకటి గాల్లో కలిసిపోయింది. మలేషియా ఉద్యోగ చట్టం, 1955 నాటిది, అక్కడ అక్త కెర్జ అంటారు, దాని 13వ సెక్షన్ కూడా ఈ హక్కు ఇద్దరికీ ఇస్తుంది. నోటీసు లేకుండా ముగించాలంటే ఆ గడువులో వచ్చే జీతానికి సమానమైన మొత్తం అవతలి పక్షానికి ఇవ్వాలి, ఎవరైనా సరే.

"గంతి నోతిస్" ని "రీప్లేస్‌మెంట్ నోటీస్" అన్నవాళ్లూ ఉన్నారు. నోటీసుకు బదులుగా, "ఇన్ లియు ఆఫ్ నోటీస్", అదొక్కటే సరైనది. దీని పక్కనే ఇంకో జంట ఉంటుంది, "గంతి రుగి". గంతి కనిపించగానే రెండూ ఒకటే అనుకుంటారు. రుగి అంటే నష్టం, గంతి రుగి అంటే నష్టపరిహారం. కొన్ని ఒప్పందాల్లో, నోటీసు ఇవ్వకుండా వెళ్లిపోతే ఉద్యోగి గంతి రుగి చెల్లించాలి అని ఉంటుంది. దాన్ని కొందరు "పెనాల్టీ" అని రాస్తారు, కోపం ధ్వనించాలని కాబోలు. మూలంలో "దెండ" అని ఉంటేనే పెనాల్టీ రాయాలి. ఇందులో ఎంత తేడా ఉందంటే, మలేషియా కాంట్రాక్ట్స్ చట్టం 1950 మన 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ అచ్చులో పోసినదే, మన 74వ సెక్షన్ అక్కడ 75. ఒప్పందంలో ముందే ఒక మొత్తం రాసుకున్నా కోర్టు ఇప్పించేది దానికి మించని సమంజసమైన పరిహారం. పెనాల్టీ అన్న ముద్ర కనిపిస్తే ఏ లాయరైనా ముందు దాని మీదే పడతాడు. గంతి రుగిని "కాంపెన్సేషన్" అనో, సందర్భం స్పష్టంగా ఉల్లంఘన అయితే "డ్యామేజెస్" అనో రాయండి, గంతి నోతిస్ మాత్రం జీతం కిందకే వస్తుంది. అందులోనూ మూలంలో "గజి" ఉందా "గజి పొకొక్" ఉందా చూడండి, రెండోది బేసిక్. శాలరీ అని రాయాల్సిన చోట బేసిక్ శాలరీ అని రాస్తే అలవెన్సులు ఎగిరిపోతాయి, తిరగేస్తే లేనివి వచ్చి చేరతాయి.

ఇప్పుడు రెండు వారాలు. మలేషియా చట్టం కొంచెం చదివిన అనువాదకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అక్త కెర్జ 12వ సెక్షన్‌లో నాలుగు, ఆరు, ఎనిమిది వారాలు అన్న లెక్క ఉంది, సర్వీసు రెండేళ్ల లోపు అయితే నాలుగు, రెండు నుంచి ఐదేళ్ల లోపు ఆరు, ఐదు ఆపైన ఎనిమిది. అది చదివి, అయ్యో ఒప్పందంలో రెండు వారాలే ఉంది, చట్టవిరుద్ధం, టైపింగ్ తప్పేమో అని "ఫోర్ వీక్స్" అని దిద్దేస్తారు. లేదా రెండు వారాలు రాసి పక్కన స్టార్ గుర్తు పెట్టి చట్టం ప్రకారం చెల్లదు అంటారు. కానీ ఆ సెక్షన్‌ని మొదటి నుంచి చదవాలి. నోటీసు గడువు ఇద్దరికీ ఒకటే ఉండాలి, దాన్ని ఒప్పందంలో రాతపూర్వకంగా రాసుకున్నది నిర్ణయిస్తుంది, అలా రాసుకోకపోతే అప్పుడు ఈ నాలుగు-ఆరు-ఎనిమిది. అంటే అది లోటు పూడ్చే లెక్క. రాసుకున్న రెండు వారాలు మామూలు సందర్భంలో చెల్లుతాయి. వ్యాపారం మూసేయడం, పోస్టు ఎత్తేయడం లాంటి కారణాలతో తీసేస్తే మాత్రం ఒప్పందంలో ఏమున్నా కనీసం ఆ చట్టపు లెక్క ఇవ్వాలి. ఈ వ్యవహారం పెనిన్సులర్ మలేషియాకి, లాబువాన్‌కి. సబా, సరావాక్ వాళ్లకి వేరే లేబర్ ఆర్డినెన్సులున్నాయి, కాబట్టి ఒప్పందం కూచింగ్‌దైతే ఏ చట్టం పేరు ఉందో చూసుకోండి. 2023 జనవరి 1 నుంచి అక్త కెర్జ జీతంతో నిమిత్తం లేకుండా అందరికీ వర్తిస్తోంది, 4,000 రింగిట్లు దాటిన వాళ్లకి ఓవర్‌టైమ్, టెర్మినేషన్ బెనిఫిట్స్ లాంటి కొన్ని మాత్రం లేవు. మన 5,000 రింగిట్ల మనిషికి కూడా నోటీసు సెక్షన్ వర్తిస్తుంది. ప్రొబేషన్‌కైతే ఆ చట్టంలో గరిష్ఠ గడువు ఏదీ లేదు.

ఒక్క మాట మధ్యలో. ఇండోనేషియా ఒప్పందాలు కూడా చేసేవాళ్లు మీలో ఉన్నారు. అక్కడ "మస పెర్చొబాన్" మూడు నెలలు మించకూడదని చట్టమే చెబుతుంది. అది చూసిన అలవాటుతో మలయ్‌లో ఆరు నెలలు చూసి అనుమానపడకండి. భాషలు చాలావరకు కలుస్తాయి గానీ చట్టాలు కలవవు.

రోజుల లెక్క. చట్టం ప్రకారం నోటీసు ఇచ్చిన రోజు కూడా గడువులోనే కలుస్తుంది. మన మనిషికి ఏప్రిల్ 21 ఒకటో రోజు, పద్నాలుగో రోజు మే 4. ఒప్పందం మలయ్‌లో ఏముంటే అదే రాయాలి, "టు వీక్స్ రిటెన్ నోటీస్" అని ఆపేయాలి. "టు వీక్స్ ఫ్రమ్ ద డే ఆఫ్టర్ రిసీట్" లాంటి సొంత స్పష్టత ఇస్తే మే 5 అయిపోతుంది. ఒక రోజే కదా అనకండి, మే 5 సోమవారం, పని రోజు. అలాగే "సెబులన్" అంటే ఒక నెల, దాన్ని ముప్పై రోజులు చేయకండి, నాలుగు వారాలు అసలే చేయకండి. ఫ్యాక్టరీ ఒప్పందాల్లో ప్రొబేషన్‌కి "నోతిస్ దువ పులుహ్ ఎంపత్ జమ్" కనిపిస్తుంది, ఇరవై నాలుగు గంటలు. దాన్ని "వన్ డేస్ నోటీస్" అనడం సులువే, కానీ సాయంత్రం నాలుగింటికి ఇచ్చిన నోటీసుకి గంటల్లో లెక్క వేరు, రోజుల్లో వేరు, షిఫ్టు మనిషికి ఇంకా వేరు. గంటలని గంటలుగానే ఉంచండి.

(సభలో ఒకరు: "సార్, టెర్మినేషన్‌కి చాలా మలయ్ మాటలున్నాయి, అన్నిటికీ టెర్మినేషన్ రాసేస్తే పోదా?")

పోదండీ. మన క్లాజులో "మెనమత్‌కన్ పెర్ఖిద్మతన్" ఉంది. పెర్ఖిద్మతన్‌లో ఖిద్మత్ ఉంది, సర్వీసు. సర్వీసు ముగించడం, ఇది తటస్థమైన మాట, ఇద్దరూ చేయగలిగింది, "టెర్మినేట్". "పెంబువంగన్ కెర్జ" అంటే తీసిపారేయడం, డిస్మిసల్, సాధారణంగా తప్పు చేసినందుకు, విచారణ చేసి. "పెంబెర్హెంతియన్ కెర్జ" చాలా చోట్ల రిట్రెంచ్‌మెంట్, మనిషి తప్పు లేకుండా పోస్టులు తగ్గించడం, కొన్ని చోట్ల ఉత్త టెర్మినేషన్, చుట్టూ ఉన్న వాక్యాలు చూసి తేల్చుకోవాలి. "పెలెతకన్ జవతన్" రాజీనామా. మన క్లాజులో "డిస్మిస్" అని రాస్తే, ఉద్యోగి కూడా కంపెనీని డిస్మిస్ చేయొచ్చు అని వస్తుంది, (నవ్వులు) అది ఎలాగూ కుదరదు. ఎక్కువ నష్టం ఎక్కడంటే, ప్రొబేషన్‌లో పనితీరు బాగాలేక పంపేసిన మనిషి కాగితం మీద డిస్మిసల్ కనిపిస్తే తర్వాతి ఉద్యోగం ఇచ్చేవాడు ఏదో దొంగతనం చేశాడనుకుంటాడు.

దీనికే ఆనుకుని ఇంకోటి. చాలా నోటీసు క్లాజుల్లో "తన్ప మెంబెరి సెబరంగ్ సెబబ్" అని ఉంటుంది, ఏ కారణమూ చెప్పకుండా. "వితౌట్ అసైనింగ్ ఎనీ రీజన్". దాన్ని అలాగే అనువదించాలి, మెత్తబరచకూడదు. కానీ ఇది చదివిన అమెరికా వాడు, ఓహో ఎప్పుడైనా ఎలాగైనా తీసేయొచ్చన్నమాట అనుకుంటాడు, వాళ్ల దగ్గర పద్ధతి అది. మలేషియాలో 1967 నాటి పారిశ్రామిక సంబంధాల చట్టం 20వ సెక్షన్ ఉంది. న్యాయమైన కారణం గానీ సాకు గానీ లేకుండా తనను తీసేశారని అనుకున్న ఉద్యోగి 60 రోజుల్లో ఫిర్యాదు చేయవచ్చు. 1981లోనే గూన్ క్వీ ఫోయ్ కేసులో ఫెడరల్ కోర్టు, ఒప్పందం ప్రకారం నోటీసు ఇచ్చి తీసేసినా సరే కారణం ఏమిటని అడుగుతామంది. 1997లో ఖలియా అబ్బాస్ కేసులో అప్పీలు కోర్టు, ప్రొబేషనర్‌కి కూడా కన్ఫర్మ్ అయిన ఉద్యోగికి ఉన్న రక్షణే ఉందంది. కాబట్టి మన మనిషికి నోటీసు రెండు వారాలా రెండు నెలలా అన్నది ఒక ప్రశ్న, అసలు తీసేయడానికి కారణం ఉందా అన్నది వేరే ప్రశ్న. ఒప్పందంలో మొదటిది మాత్రమే ఉంది, రెండోది చట్టంలో ఉంది. రెండో దాన్ని తెచ్చి క్లాజులో కలపకూడదు, "వితౌట్ అసైనింగ్ ఎనీ రీజన్, సబ్జెక్ట్ టు లా" అని రాయకూడదు. ఒప్పందం రాసినవాడు ఆ షరతు పెట్టలేదు.

మరి చదివేవాడికి తెలియాలిగా అంటే, దానికి అనువాదకుడి గమనిక ఉంది. అనువాదం బయట, పేజీ కింద, పొట్టిగా. నేనైతే ఇలా రాస్తాను: ఈ వాక్యం మూలంలో ఉన్నట్టే అనువదించబడింది, మలేషియా చట్టంలో ఉద్యోగుల తొలగింపుకు నిబంధనలున్నాయి, న్యాయ సలహా తీసుకోవాలి. ఇంతే. కేసు పేర్లు గమనికలో పెట్టను, అవి లాయరు చెప్పాల్సినవి. ఉద్యోగికి ఒక నెల, కంపెనీకి రెండు వారాలు అని వేర్వేరు గడువులున్న ఒప్పందం వచ్చినప్పుడు కూడా అంతే, వేర్వేరుగానే అనువదించి, మూలంలో ఇలాగే ఉంది అని కింద రాస్తాను. లేకపోతే చదివినవాళ్లు నేనే పొరపాటు చేశాననుకుంటారు, ఎందుకంటే చట్టం ఒకే గడువు ఉండాలంటోంది కదా.

"హెండక్‌లాహ్" ఎక్కడ ఉంటే అక్కడ "షల్", "బోలెహ్" ఎక్కడ ఉంటే అక్కడ "మే", ఇది మీకు తెలిసిందే. "తిదక్ బోలెహ్" ని "మే నాట్" అని రాస్తే చేయకపోవచ్చు అన్న అర్థం కూడా వస్తుంది కాబట్టి "షల్ నాట్" మంచిది. "అకన్" మాత్రం చిక్కు, మామూలు మలయ్‌లో అది భవిష్యత్తు, ఒప్పందంలో చాలాసార్లు బాధ్యత. "స్యరికత్ అకన్ మెంగెలుఅర్‌కన్ సురత్ పెంగెసాహన్", కంపెనీ లెటర్ జారీ చేస్తుంది. చేయాలా, చేస్తుందా? మిగతా ఒప్పందమంతా బాధ్యతలకి హెండక్‌లాహ్ వాడి ఇక్కడొక్కచోటే అకన్ వాడితే నేను "విల్" ఉంచుతాను, ఆ తేడా కావాలనే పెట్టారేమో. ఎక్కడ చూసినా అకన్‌తోనే బాధ్యతలు రాసిన ఒప్పందమైతే "షల్". అందుకే ఈ రెండు క్లాజులు చేసేముందు ఒప్పందం మొత్తం ఒకసారి చదవక తప్పదు.

(సభలో ఇంకొకరు: "సార్, ఒకే ఒప్పందంలో ఎడమవైపు మలయ్, కుడివైపు ఇంగ్లీషు ఉండి, మలయ్ మాత్రమే చేయమన్నారు. కుడివైపు ఇంగ్లీషు వాడుకోవచ్చా?")

పదజాలం కోసం చూడొచ్చు, పోస్టు పేరు, కంపెనీ పేరు లాంటివాటికి. వాక్యం మాత్రం ఎత్తి రాయకండి. అలాంటి ఒప్పందాల చివర, రెండు పాఠాలకీ తేడా వస్తే ఏది చెల్లుతుందో చెప్పే క్లాజు వెతకండి, చాలాసార్లు మలయ్ పాఠం చెల్లుతుందనే ఉంటుంది. కుడివైపు "ఆటోమేటికల్లీ కన్ఫర్మ్‌డ్" అని ఉండి ఎడమవైపు మనం ఇందాక చూసిన "హాన్య... సెతెలాహ్ మెనెరిమ" ఉంటే, మీరు ఎడమవైపుదే అనువదించి, రెండు పాఠాలూ ఈ క్లాజులో కలవడం లేదని క్లయింటుకి మెయిల్‌లో రాయండి. అనువాదం పంపేటప్పుడే రాయండి, గొడవ మొదలయ్యాక కాదు.